ఎగ్గొట్టాలన్న బుద్ధి ఏ రోజు పుట్టింది?

ప్రశ్న: మాది ఉండి మండలం. వెనామీ రొయ్యల సాగు చేస్తాను. ఒక ట్రేడర్ మొదటి రెండు పట్టుబడులకు డబ్బు సరిగ్గానే ఇచ్చాడు. మూడోసారి 50 కౌంట్ రొయ్య 2,800 కిలోలు, కిలో 320 లెక్కన తీసుకెళ్ళాడు. లక్ష చేతికిచ్చి, మిగతా 7,96,000కి పది రోజుల తర్వాతి తేదీ వేసి చెక్కు ఇచ్చాడు. "బ్యాంకులో వెయ్యకండి, నేనే క్యాష్ తెచ్చిస్తాను" అంటే ఆగాను. పట్టుబడి అయి రెండు నెలలైంది. మొన్న ఫోన్లో "ఇవ్వను, ఏం చేసుకుంటావో చేసుకో" అన్నాడు. రికార్డు ఉంది. స్టేషన్‌కి వెళితే ఇది సివిల్ తగాదా అన్నారు. సరుకు పట్టుకెళ్ళాడు, ఎగ్గొట్టాలన్న బుద్ధీ ఉంది, నేరానికి ఇంకేం కావాలండీ? లా చదువుతున్న మా మేనల్లుడు "యాక్టస్ రియస్, మెన్స్ రియా రెండూ ఒకే సమయంలో ఉండాలి మావయ్యా" అంటున్నాడు. నాకు అర్థమయ్యేలా చెప్పండి.

జవాబు: మీ మేనల్లుడు పట్టుకోవాల్సిన చోటే పట్టుకున్నాడు. చట్టం చేయొద్దన్న పనిని యాక్టస్ రియస్ అంటారు. ఆ పని చేసేటప్పుడు మనిషి మనసులో ఉండే చెడు ఉద్దేశాన్ని మెన్స్ రియా అంటారు. ఒక్కొక్క నేరానికి ఏ పని ఉండాలో, ఏ ఉద్దేశం ఉండాలో చట్టమే చెబుతుంది. ఈ రెండూ ఎప్పుడో ఒకప్పుడు ఉంటే సరిపోదు. పని జరిగే క్షణంలోనే ఆ ఉద్దేశం కూడా ఉండాలి. మీ ఉత్తరంలో పని రెండు నెలల కిందటిది, ఉద్దేశానికి మీరు చూపిస్తున్న సాక్ష్యం మొన్నటిది. స్టేషన్‌లో మీ ఫిర్యాదు ఆగింది అక్కడే.

ముందు మీ పట్టుబడి రోజుకి వెళదాం. తెల్లారకముందే వల లాగి ఉంటారు. ట్రేలలోకి ఎత్తి, ఒక కిలో తూచి పీసులు లెక్కపెట్టి కౌంట్ తేల్చి ఉంటారు. రేటు దగ్గర కాసేపు లాగుళ్ళు జరిగి, చివరికి 320కి కుదిరాక కాటా వేసి, ఐస్ కొట్టి వ్యాన్‌కి ఎక్కించారు. చీటింగ్ కేసుకు పనికొచ్చేదంతా ఆ రెండు మూడు గంటల్లోనే ఉంది. భారతీయ న్యాయ సంహితలో 318వ సెక్షన్ మోసం గురించి చెబుతుంది. పాత ఐపీసీలో 415, 420 సెక్షన్లలో ఉన్నదే ఇది. 2024 జులై 1 నుంచి జరిగిన వాటికి కొత్త సంహిత వర్తిస్తుంది. ఒక మనిషిని మాయ చేసి, ఆ మాయ వల్ల అతను తన సొత్తు అప్పగించేలా చేయడం ఇందులో పని. అలా చేసేటప్పుడు దురుద్దేశం ఉండటం మనసు. కాబట్టి కోర్టు అడిగేది ఒక్కటే. వ్యాన్ మీ గట్టు మీద నుంచి కదిలేటప్పుడు, మీకు డబ్బివ్వకూడదని అతను అప్పటికే అనుకున్నాడా లేదా?

అనుకుని ఉంటే ఆ క్షణంలోనే నేరం పూర్తయింది. ఆ తర్వాత ఎవరో గట్టిగా అడిగితే భయపడి డబ్బు కట్టినా, చేసింది చేయనట్టు కాదు. ఆ రోజు ఇద్దామనే ఉండి, వారం తర్వాత డబ్బు చేతిలో పడేసరికి బుద్ధి మారితే మాత్రం అది మోసం నేరం కాదు. అతను మంచివాడని నేనట్లేదు. మీకు బాకీ పడ్డాడు, మాట తప్పాడు, కావాలనే తప్పాడు. అయినా ఆ బుద్ధి పుట్టే వేళకి, చట్టం నేరంగా చూసే పని ఏదీ అతని చేతిలో లేదు.

ఇక్కడ చాలామంది తడబడతారు. "ఇప్పటికీ నా డబ్బు అతని దగ్గరే ఉంది కదా, ప్రతి రోజూ నన్ను మోసం చేస్తున్నట్టే కదా" అంటారు. కాదండీ. రొయ్యలు మీరు అమ్మేశారు. కాటా వేసి వ్యాన్ ఎక్కించాక ఆ సరుకు అతని సొంతం. మీకు మిగిలింది ఆ సరుకు మీద హక్కు కాదు, డబ్బు రాబట్టుకునే హక్కు. అతని జేబులో ఉన్నది అతని డబ్బే, అందులోంచి మీకు ఇవ్వాల్సి ఉంది. అప్పు తీర్చకపోవడం ఒక్కటే అయితే దానికి క్రిమినల్ చట్టంలో సెక్షన్ లేదు. ఉండి ఉంటే రేటు పడిన ప్రతి సీజన్‌లోనూ డెల్టాలో సగంమంది జైల్లో ఉండేవాళ్ళు. మేత డీలర్‌కి బాకీ పడ్డ రైతులతో సహా.

తర్వాత పుట్టిన దుర్బుద్ధి ఎప్పుడూ నేరం కాదని మాత్రం అనుకోకండి. ఆ బుద్ధితో ఇంకో పని చేస్తే, దానికి సరిపోయే సెక్షన్ ఉంటే, అక్కడ నేరం మొదలవుతుంది. పక్క చెరువాయన మీ ఏరియేటర్‌ని తనదేనని నిజంగా పొరబడి పట్టుకెళ్ళాడనుకోండి. అది దొంగతనం కాదు, ఎందుకంటే కదిలించేటప్పుడు దురుద్దేశం లేదు. వారం తర్వాత మోటారు నంబరు చూసి అది మీదని తెలుసుకున్నాడు. తెలిసి కూడా అమ్మేసుకున్నాడు. ఆ అమ్మడమే కొత్త పని, అప్పటికి మనసూ చెడింది. దానికి 314వ సెక్షన్ ఉంది, పరుల సొత్తును దురుద్దేశంతో సొంతం చేసుకోవడం. చట్టం రాసినవాళ్ళు ఇలాంటి ఉదాహరణనే ఆ సెక్షన్ కింద ఇచ్చారు. తేడా ఎక్కడుందో చూడండి. ఏరియేటర్ అమ్మే రోజుకీ అది మీ సొత్తే. మీ రొయ్యలు అలా కాదు.

ఈ నియమం ఎంత కఠినంగా ఉంటుందో తెలియాలంటే 1919లో మద్రాసు హైకోర్టు ఫుల్ బెంచ్ తేల్చిన పళని గౌండన్ కేసు చూడాలి. అప్పట్లో మన గోదావరి జిల్లాలకూ ఆ హైకోర్టే. భార్యాభర్తల మధ్య గొడవలో అతను నాగటి కర్రుతో ఆమె తల మీద కొట్టాడు. ఆమె స్పృహ తప్పి పడిపోయింది. చచ్చిపోయిందని అతను నమ్మాడు. నేరం తన మీదకు రాకుండా, ఉరి వేసుకున్నట్టు కనబడేలా ఆమెను దూలానికి వేలాడదీశాడు. తీరా డాక్టర్ల సాక్ష్యంలో తేలిందేమిటంటే, ఆమె చనిపోయింది దెబ్బ వల్ల కాదు, ఉరి వల్ల. అంటే అతను వేలాడదీసే సమయానికి ఆమె బతికే ఉంది.

మామూలు మనిషిని అడిగితే ఇంకేముంది, హత్యే అంటాడు. కొట్టింది అతనే, వేలాడదీసిందీ అతనే, ప్రాణం పోయిందీ అతని చేతిలోనే. ఫుల్ బెంచ్ మాత్రం రెండు పనులనూ విడదీసి, ఒక్కోదాని పక్కన అప్పటి మనసును పెట్టి చూసింది. మొదటి పని కర్రు దెబ్బ. కొట్టేటప్పుడు గాయపరచాలన్న ఉద్దేశం ఉందిగానీ, చంపాలన్న ఉద్దేశం ఉన్నట్టు రుజువు కాలేదు. పైగా ప్రాణం పోయింది ఆ దెబ్బతో కాదు. రెండో పని ఉరి. ప్రాణం తీసింది అదే. కానీ ఆ పని చేసేటప్పుడు అతను ఒక శవాన్ని వేలాడదీస్తున్నాననుకున్నాడు. శవాన్ని చంపాలని ఎవరూ అనుకోలేరు. ఒక పనిలో చావు లేదు, ఇంకో పనిలో చంపే ఉద్దేశం లేదు. రెండింట్లోంచీ చెరో ముక్క తీసి అతికించి హత్య అనడానికి వీల్లేదని తేల్చారు. హత్య కాదు, శిక్షార్హమైన నరహత్య కూడా కాదు. కొట్టినందుకు తీవ్రంగా గాయపరిచిన నేరం కింద శిక్ష పడింది. ఆత్మహత్యలా చూపించాలని చేసిన పని మీద దొంగ సాక్ష్యం సృష్టించే ప్రయత్నం కింద శిక్షించవచ్చని కూడా ఫుల్ బెంచ్ అంది.

నాకు ఈ కేసు చదివిన ప్రతిసారీ ఆమె వైపు నుంచి ఆలోచిస్తే మనసు ఒప్పుకోదు. అయినా తర్కంలో లోపం చూపించమంటే చూపించలేను. ముక్కలు అతికించడం ఒకసారి మొదలుపెడితే, మీరు ఈ రోజు కోపంలో అన్న మాటని, ఎప్పుడో పొరపాటున చేసిన పనికి జతచేసి మిమ్మల్నీ బోనెక్కించవచ్చు.

అదే హైకోర్టు 1943లో తవమణి కేసులో ఇంకోలా తేల్చింది. అక్కడ ఒక స్త్రీని చంపాలనే ఉద్దేశంతోనే దాడి చేశారు. చనిపోయిందనుకుని బావిలో పడేశారు. ప్రాణం పోయింది మాత్రం బావిలోనే. పైకి చూస్తే పళని గౌండన్ కేసులాగే ఉంది కదా? కానీ కోర్టు దాన్ని హత్యే అంది. అక్కడ మొదటి దెబ్బకే చంపాలన్న ఉద్దేశం ఉంది. కొట్టడం, బావిలో వేయడం ఒకే పథకంలో భాగాలు. 1954లో లండన్‌లో బ్రిటిష్ వలసల అప్పీళ్ళు వినే ప్రీవీ కౌన్సిల్ కూడా ఆఫ్రికాలోని బసుటోలాండ్ నుంచి వచ్చిన థాబో మెలి అప్పీలులో అదే దారి పట్టింది. నలుగురు ముందే అనుకుని ఒకణ్ణి గుడిసెలో తల మీద కొట్టి, చనిపోయాడనుకుని, ప్రమాదంలా కనబడాలని గుట్ట అంచు నుంచి కిందకి దొర్లించారు. అతను చనిపోయింది దెబ్బలకు కాదు, చలికి అలా పడి ఉండటం వల్ల. ఒకే పథకంగా సాగిన పనులను ముక్కలు చేసి తప్పించుకోవడం కుదరదని ప్రీవీ కౌన్సిల్ చెప్పింది.

ఇవి హత్య కేసులు, మీది రొయ్యల డబ్బు. అయినా ఒకే ప్రశ్నకి వస్తాయి. దుర్బుద్ధి మొదటి నుంచీ ఉండి, తర్వాతివన్నీ దాని వెంట నడిచాయా? లేక పని ఒక మనసుతో అయిపోయి, చెడు మనసు తర్వాత వేరేగా పుట్టిందా? మొదటిది మీరు చూపించగలిగితే తవమణి కేసు మీ వైపు. చూపించలేకపోతే పళని గౌండన్ కేసు అతని వైపు.

మోసం కేసుల్లో సుప్రీంకోర్టు ఈ మాట చాలాసార్లు చెప్పింది. 2000లో హృదయ రంజన్ ప్రసాద్ వర్మ కేసులో కాంట్రాక్టు ఉల్లంఘనకీ మోసానికీ మధ్య గీత చాలా సన్నగా ఉంటుందని, మాట ఇచ్చే నాటి ఉద్దేశాన్ని బట్టే అది తేలుతుందని చెప్పింది. తర్వాతి ప్రవర్తనను చూసి ఆ నాటి ఉద్దేశాన్ని అంచనా వేయవచ్చుగానీ, అదొక్కటే కొలబద్ద కాదంది. మీ ఫోన్ రికార్డు సరిగ్గా ఇక్కడ చిక్కుకుంటుంది. "ఇవ్వను, ఏం చేసుకుంటావో చేసుకో" అన్నది మొన్నటి మనసు. అదే కాల్‌లో "నీకిచ్చే ఉద్దేశం నాకు మొదట్నుంచీ లేదు" అన్నట్టు ఏమైనా ఉంటే వేరే సంగతి. మొత్తం రికార్డు ఓపిగ్గా మళ్ళీ వినండి. మోసానికి పనికి రాకపోయినా, బాకీ ఉందని అతను ఒప్పుకున్నట్టు అందులో ఉంటే సివిల్ కోర్టులో బాగా ఉపయోగపడుతుంది. ఆ ఫోన్ మార్చకండి, ఫైల్ కత్తిరించి వాట్సాప్‌లో అందరికీ పంపకండి. కాపీని కోర్టులో పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఇవ్వాల్సి ఉంటుంది.

మరి పట్టుబడి నాటి మనసును ఎలా చూపించాలి? తలకాయ తెరిచి చూసే యంత్రం ఏదీ లేదు కాబట్టి ఆ రోజు చుట్టూ ఉన్న విషయాల నుంచే లాగాలి. మొట్టమొదట ఆ రోజు అతను ఏమన్నాడో గుర్తు చేసుకోండి. "ఫలానా ప్లాంట్ ఆర్డర్ ఉంది, ఎల్లుండి డబ్బు పడిపోతుంది" అన్నాడా? ఆ ప్లాంట్ ఆర్డర్ అసలు లేదని తేలితే, అది ఆ క్షణంలో చెప్పిన అబద్ధం. ఆ అబద్ధం నమ్మే మీరు అప్పు మీద సరుకిచ్చారు. పని, మనసు రెండూ గట్టు మీదే కలిశాయి. "త్వరలో ఇచ్చేస్తాను" అని మాత్రమే అని ఉంటే అది మాట ఇవ్వడమే. ఇచ్చేటప్పుడే తప్పాలనుకున్నాడని ఇంకోలా చూపాలి.

రెండోది, ఆ వారంలోనే ఇంకా ఎందరి దగ్గర ఇలా అప్పు మీద తీసుకున్నాడు? ఆకివీడులోనో, కాళ్ళలోనో, కైకలూరు వైపో నలుగురైదుగురు రైతులకు ఇదే తంతు జరిగి ఉంటే, అదీ అందరికీ అంతకుముందు చిన్న పట్టుబడులకు ఠంచనుగా డబ్బిచ్చి ఉంటే, బొమ్మ మారిపోతుంది. మీకు రెండుసార్లు సరిగ్గా ఇవ్వడం మామూలుగా అయితే అతనికే సాయం చేస్తుంది. "మోసం చేసేవాణ్ణయితే రెండుసార్లు ఎందుకిస్తాను సార్" అంటాడు అతని లాయరు. అందరి దగ్గరా ఒకే వరస కనబడితే మాత్రం ఆ రెండు చెల్లింపులూ ఎరగా మారతాయి. పెద్ద పట్టుబడి కోసం వేసిన పథకంలో అవీ భాగమేనని వాదించవచ్చు. కాబట్టి స్టేషన్‌కి మళ్ళీ వెళ్ళేముందు ఆ చుట్టుపక్కల రైతులతో మాట్లాడండి. ఎవరికి ఏ తేదీన ఎంత బాకీ పడ్డాడో రాసుకోండి.

మూడోది ఆ చెక్కు. మీకిచ్చిన రోజుకే ఆ ఖాతా మూసేసి ఉంటే, మూసేసిన సంగతి తెలిసే చెక్కు రాశాడంటే, అంతకంటే బలమైన సాక్ష్యం ఉండదు. ఖాతా నడుస్తూ, డబ్బు మాత్రం లేకపోతే దానికి అంత బలం లేదు. పది రోజుల్లో వస్తుందనుకున్నానని అనగలడు. సరుకు ఏం చేశాడన్నది కూడా కనుక్కోదగ్గదే. మీ దగ్గర 320కి కొని, అదే రోజు నష్టానికి ఎవరికో తెగనమ్మి క్యాష్ చేసుకుని ఉంటే, మీకు కట్టే ఆలోచన లేనివాడు చేసే పని అది. ప్లాంట్‌కి మామూలు లాభానికి వేసి, అక్కడి నుంచి డబ్బు రాక ఆగిపోయి ఉంటే అది వ్యాపారం చెడటమే.

అతని వైపు ఏం చెప్పుకుంటాడో కూడా ముందే ఊహించుకోవాలి. రేటు పడిందంటాడు. 2025లో అమెరికా సుంకాల వార్తలకి ఇక్కడ కౌంట్ రేట్లు ఎలా జారాయో మీకు నేను చెప్పక్కర్లేదు. అలాంటి వారంలో మీ సరుకు పట్టి ఉంటే ఆ వాదనకి బలముంటుంది. లక్ష అడ్వాన్సుగా ఇవ్వడం కూడా అతనికే కలిసొస్తుంది, అయితే పెద్ద మొత్తాన్ని కాజేసేవాళ్ళు కొంత ముందు పారేయడం కొత్తేమీ కాదు. నన్నడిగితే, మీ ఉత్తరంలో ఉన్నంతవరకే అయితే చీటింగ్ కేసు బలహీనం. స్టేషన్‌లో అన్నమాట పూర్తిగా తప్పు కాదు. అలాగని అతను చెప్పిందీ, చేసిందీ ఏమీ కనుక్కోకుండానే సివిల్ అని తేల్చేయడమూ సరికాదు.

ఫిర్యాదు రాసే తీరు గురించి ఒక మాట. చాలా ఫిర్యాదుల్లో మూడు పేజీలు డబ్బు అడగడానికి ఎన్నిసార్లు తిరిగామో, అతను ఎలా విసుక్కున్నాడో ఉంటుంది. చివర "మొదటి నుంచీ మోసం చేయాలనే ఉద్దేశంతోనే" అని ఒక లైను అతికిస్తారు. ఆ ఒక్క లైను మీద నిలబడిన ఎఫ్ఐఆర్‌లను హైకోర్టు కొట్టేస్తుంది, దాంతో ఏడాది పోతుంది. మీ ఫిర్యాదులో మొదటి పేజీ అంతా పట్టుబడి రోజే ఉండాలి. ఎవరెవరు ఉన్నారు, అతను ఏ మాట అన్నాడు, ఆ మాట అబద్ధమని మీకు ఎలా తెలిసింది, అది నమ్మకపోతే మీరు అప్పు మీద సరుకు ఇచ్చేవారేనా. కాటా చీటీ, వ్యాన్ నంబరు, ఆ రోజు పట్టుబడికి వచ్చిన కూలీల పేర్లు పెట్టండి. తిరిగిన తిరుగుళ్ళు చివర నాలుగు లైన్లు చాలు. సమాచారం ఇంత స్పష్టంగా ఉన్నా తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో రాసి పంపండి. అక్కడా కదలకపోతే అఫిడవిట్‌తో మేజిస్ట్రేట్ దగ్గరకు వెళ్ళే దారి ఉంది.

ఇంకోటి, "నమ్మక ద్రోహం సెక్షన్ కూడా వేయించండి" అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు, 316వ సెక్షన్. అది మీకు పట్టదు. నమ్మక ద్రోహానికి సొత్తు మీదిగానే ఉంటూ అతనికి అప్పగించి ఉండాలి. అమ్మిన సరుకులో అప్పగింత లేదు. 2024లో ఢిల్లీ రేస్ క్లబ్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. ఒకే విషయం మీద మోసం, నమ్మక ద్రోహం రెండూ కలిసి ఉండవంది. కారణం మళ్ళీ మనం మాట్లాడుకుంటున్నదే. మోసంలో చెడు మనసు మొదట్లోనే ఉండాలి. నమ్మక ద్రోహంలో సొత్తు న్యాయంగానే చేతికొస్తుంది, దాన్ని సొంతానికి వాడుకునే రోజున చెడు మనసు ఉండాలి. రెండు నేరాల్లోనూ పని, మనసు కలవాల్సిందేగానీ, కలిసే రోజులు వేరు. ఒకవేళ మీ లెక్క అమ్మకం కాకుండా, "మీ సరుకు మీ పేరు మీదే ప్లాంట్‌కి వేసి, కమీషన్ పట్టుకుని మిగతా ఇస్తాను" అన్న ఒప్పందమైతే నేను పైన చెప్పింది తిరగబడుతుంది. అప్పుడు ప్లాంట్ ఇచ్చిన డబ్బు మీది, అతను దాన్ని మధ్యలో వాడుకున్న రోజే నేరం, ఆ బుద్ధి తర్వాత పుట్టినా సరే. మీరు కిలో 320 అని ఖాయం చేసుకుని చెక్కు తీసుకున్నారు కాబట్టి అది అమ్మకంలాగే కనిపిస్తోంది.

ఇక అన్నిటికంటే తొందరగా చేయాల్సింది చెక్కు సంగతి. క్రిమినల్ కేసుల్లో, మనసు ఎప్పుడు చెడిందన్న తలనొప్పి మీకు లేని దారి అది. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో 138వ సెక్షన్ కింద బాకీ కోసం ఇచ్చిన చెక్కు డబ్బు లేక తిరిగొస్తే, నోటీసు ఇచ్చాక కూడా కట్టకపోతే నేరం. ఇచ్చేటప్పుడు మోసం చేయాలనుకున్నాడని మీరు రుజువు చేయక్కర్లేదు. "తిరిగొస్తుందని నేననుకోలేదు" అన్నది చెల్లే జవాబు కాదని అదే చట్టం 140వ సెక్షన్‌లో రాశారు. ఖాతా మూసేసి ఉన్నా 138 వర్తిస్తుంది. రెండేళ్ళ వరకు జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. జరిమానాలోంచి మీకు నష్టపరిహారం ఇప్పించే అధికారం కోర్టుకుంది.

అయితే ఈ దారిలో గడువులు దాటితే క్షమాపణ కష్టం. చెక్కు మీద ఉన్న తేదీ నుంచి మూడు నెలల్లోపే బ్యాంకులో వేయాలి. మీ లెక్క ప్రకారం అందులో యాభై రోజులు అయిపోయినట్టే. క్యాష్ తెస్తానని అతను మిమ్మల్ని ఆపింది ఈ గడువు కోసమే అయి ఉండొచ్చు. కాబట్టి రేపే మీ ఖాతాలో వేయండి, అతన్ని అడగకండి. తిరిగొస్తే బ్యాంకు ఇచ్చే మెమో మీద తేదీ చూసుకుని, ఆ కబురు అందిన 30 రోజుల్లోపు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపించండి. అతనికి అందిన రోజు నుంచి కట్టడానికి 15 రోజులు గడువు. అప్పటికీ కట్టకపోతే ఆ తర్వాతి నెల రోజుల్లోపు మేజిస్ట్రేట్ కోర్టులో కంప్లైంట్ వేయాలి. అతను ఏ ఊళ్ళో ఉన్నా ఫర్వాలేదు, చెక్కు మీ ఖాతాలో వేస్తే మీ ఖాతా ఉన్న బ్రాంచి పరిధిలోని కోర్టులోనే వేసుకోవచ్చు. డబ్బు రాబట్టే సివిల్ దావాకి అప్పు గడువు ముగిసిన రోజు నుంచి మూడేళ్ళు ఉంది, దానికి అంత హడావుడి లేదు. చీటింగ్ ఫిర్యాదు కోసం సాక్ష్యాలు పోగుచేసే పనిలో పడి చెక్కును బీరువాలో మర్చిపోవద్దు. మెమో మీద "అకౌంట్ క్లోజ్‌డ్" అని వస్తే, ఖాతా ఏ తేదీన మూశారో తెలుసుకోవడానికి మీ లాయరుతో వెంటనే మాట్లాడండి. ఆ తేదీ మీ పట్టుబడి కంటే ముందుదైతే, ఆ మెమోతోనే మళ్ళీ స్టేషన్‌కి వెళ్ళండి.